తప్పు బిల్లు కింద పడిన డబ్బును సరైన బిల్లుకు మార్చాక కస్టమర్‌కు ఏమని రాయాలి? అడిగి మార్చాలా, మార్చి చెప్పాలా?

గుంటూరు హార్డ్‌వేర్
ఒక డీలరు జూలై 15న రూ. 1,41,600 నెఫ్ట్ చేసి, రిమార్కులో బిల్లు 417 అని వేశారు. 417 విలువ రూ. 1,18,000. వచ్చిన మొత్తం సరిగ్గా బిల్లు 471ది. అంకెలు తారుమారయ్యాయనుకుని 17న 471కి మార్చేశాం. 417 జూన్ 2ది, 471 జూన్ 16ది, రెండింటికీ 30 రోజుల గడువు, రెండూ అప్పటిదాకా పూర్తిగా బాకీ. పంపబోయే మెయిల్ ఇది: “మీరు పొరపాటున బిల్లు 417 కింద పంపిన చెల్లింపును 471కి సర్దుబాటు చేశాము. గమనించగలరు.” ఇంకెలా రాస్తే బాగుంటుంది? ముందు డీలరును అడగాల్సిందని మా ఆఫీసులో ఒకరి వాదన.

వసూళ్ల డెస్క్
ఇందులో అసలు విషయమే లేదండీ. డీలరు తన పుస్తకంలో 417 కొట్టేసి ఉంటారు. మీరు మార్చడంతో ఆ రూ. 1,18,000 మళ్ళీ బాకీగా లేచింది, పైగా దాని గడువు జూలై 2తోనే అయిపోయింది. ఆ మాట మెయిల్‌లో ఎక్కడా లేదు. పది రోజులాగి 417 బాకీ అని మీ రిమైండర్ వెళ్తుంది, “అది కట్టేశాంగా” అని ఆయన ఫోన్ చేస్తారు. మార్చిన తర్వాత ఏ బిల్లు మీద ఎంత ఉందో రెండింటికీ విడివిడిగా రాయాలి. సున్నా అయినా సరే, సున్నా అని రాయాలి.

“పొరపాటున” అన్న మాట తీసేయండి. రిమార్కులో 417 అని ఉంది, మొత్తం 471కి సరిపోయింది. ఈ రెండు ముక్కలూ రాస్తే ఎవరిది పొరపాటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మంగళగిరి శేఖర్
వెంటనే 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకులో కూడా రాతపూర్వకంగా ఇవ్వండి. ఆలస్యమైతే డబ్బు వెనక్కి రావడం కష్టం.

వసూళ్ల డెస్క్
శేఖర్ గారూ, అది మోసపోయినప్పుడు చేసే పని. ఇక్కడ డబ్బు సరైన ఖాతాకే వచ్చింది, మారింది బిల్లు నంబరు మాత్రమే. అయితే మీ మాట వల్ల ఒకటి గుర్తొచ్చింది. బిల్లు, చెల్లింపు, మార్పు అన్న మాటలు ఒకే మెయిల్‌లో కనబడితే ఇప్పుడు చాలామంది మోసమేమోనని భయపడతారు. అందుకే లింకులేవీ పెట్టకుండా, బ్యాంకు ఖాతా మారలేదని ఒక వాక్యం రాయడం మంచిది.

శ్రీకాకుళం లెడ్జర్
అడగాల్సిన పనే లేదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 60 ప్రకారం వచ్చిన డబ్బును అప్పిచ్చినవాడు తనకు నచ్చిన బాకీకి జమ చేసుకోవచ్చు. మార్చాం అని చెబితే చాలు.

ప్లీడర్ గుమాస్తా
సగం నిజం. సెక్షన్ 60 వర్తించేది, కట్టినవాడు ఏ బాకీకో చెప్పనప్పుడు. ఇక్కడ 417 అని రాసి మరీ కట్టారు. కట్టినవాడు చెప్పి కడితే, ఆ డబ్బు తీసుకున్నాక ఆయన చెప్పిన బాకీకే జమ చేయాలన్నది 1872 చట్టంలోని సెక్షన్ 59.

కానీ అదే సెక్షన్ మీ పక్షాన కూడా మాట్లాడుతుంది. మాటల్లో చెప్పకపోయినా పరిస్థితిని బట్టి ఏ బాకీకో తెలిస్తే చాలంటుంది. చట్టంలో ఇచ్చిన ఉదాహరణే చూడండి: చాలా బాకీల్లో ఒకటైన 567 రూపాయలు కట్టమని ఒకరు రాశారు, అవతలివారు 567 రూపాయలు పంపారు, కాబట్టి అది ఆ బాకీకే. మీ కేసులో మొత్తం ఒక బిల్లును చూపిస్తోంది, రిమార్కు ఇంకొకదాన్ని. ఏది గెలుస్తుందో డీలరు నోటే రావాలి. నా లెక్కలో అడిగి మార్చడమే సరైన దారి.

శ్రీకాకుళం లెడ్జర్
సెక్షన్ 59 సంగతి ఒప్పుకుంటాను. కానీ అడిగితే జవాబు రాక నెలాఖరు దాటిపోతుంది. ఎలా వేసినా మొత్తం బాకీ రూ. 1,18,000 కదా. ఒక్కటే తేడా, పాత బిల్లు మిగులుతుంది కాబట్టి డీలరు మీద 14 రోజుల వడ్డీ ఎక్కువ పడుతుంది.

కొనుగోలు వైపు
పద్నాలుగు కాదండీ, ఒక్క రోజుదే. 417కి జమ చేసినా జూలై 2 నుంచి 15 దాకా దాని మీద వడ్డీ నడిచినట్టే. ఆ తర్వాత 471లో మిగిలే రూ. 1,18,000 మీద 16 నుంచి నడుస్తుంది. 471కి జమ చేస్తే 417 మీద జూలై 2 నుంచి ఆగకుండా నడుస్తుంది. తేడా 15 నుంచి 16 వరకే, 18 శాతం చొప్పున దాదాపు రూ. 58.

కొనేవాళ్ళను దెబ్బతీసేది బాకీ వయసు. 17వ తేదీన చూస్తే ఒక పద్ధతిలో బాకీ గడువు దాటి ఒక రోజు, రెండో పద్ధతిలో 15 రోజులు. 15 రోజులు దాటితే సరుకు ఆపేసే కంపెనీ అయితే ఈ మార్పు ఒక్కటే డీలరు లోడును ఆపేస్తుంది. అందుకే గడువు తేదీ మెయిల్‌లో కనబడాలి.

యూటీఆర్ నంబరు కూడా తప్పకుండా ఉండాలి. కొనేవాళ్ళ అకౌంటెంట్ ఆ ఎంట్రీని వెతికేది దానితోనే. వాళ్ళూ తమ పుస్తకంలో మార్చుకోకపోతే ఏడాది చివర బాకీ నిర్ధారణ లెటర్‌లో మొత్తం కలుస్తుంది, బిల్లులు కలవవు. జీఎస్టీ క్రెడిట్ విషయంలో బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో కట్టామని బిల్లువారీగానే చూపాలి.

గుంటూరు హార్డ్‌వేర్
జర్నల్ వేసి మార్చాం, తేదీ 17గా పడింది. ఫర్వాలేదా?

వసూళ్ల డెస్క్
471 గడువు 16. జర్నల్ 17న ఉంటే మీ రిపోర్టులో అది ఒక రోజు ఆలస్యంగా కట్టినట్టు కనబడుతుంది. జర్నల్ తీసేసి, టాలీలో 15వ తేదీ రసీదు వోచరే తెరిచి, `Agst Ref` దగ్గర 417 బదులు 471 ఎంచి, మొత్తం 1,41,600 దానికే వేయండి. రూ. 23,600 ఎక్కడైనా `On Account`గా మిగిలిందేమో చూసుకోండి. కంపెనీ అయితే ఎడిట్ లాగ్‌లో ఈ మార్పు నమోదవుతుంది, కాబట్టి డీలరుకు రాసిన మెయిల్ కాపీ వోచరుతో ఉంచండి.

మెయిల్ ఇలా రాస్తాను:

“సబ్జెక్టు: రూ. 1,41,600 అందింది. బిల్లు 471 పూర్తి, బిల్లు 417లో రూ. 1,18,000 బాకీ

నమస్కారమండీ. జూలై 15న మీరు పంపిన రూ. 1,41,600 అదే రోజు మా ఖాతాలో పడింది. యూటీఆర్ నంబరు: ____. రిమార్కులో బిల్లు 417 అని ఉండటంతో ముందు దానికి జమ చేశాం. మొత్తం బిల్లు 471కి సరిగ్గా సరిపోవడంతో, 15వ తేదీతోనే దానికి మార్చాం.

ఇప్పుడు బిల్లు 471లో బాకీ సున్నా. బిల్లు 417లో రూ. 1,18,000 ఉంది, దాని గడువు జూలై 2. ఈ రూ. 1,41,600 మళ్ళీ పంపనక్కర్లేదు. 471 గురించి రిమైండర్ వచ్చి ఉంటే వదిలేయండి. మా బ్యాంకు ఖాతా మారలేదు.

మీరు 417కే పంపి ఉంటే జూలై 24లోపు ఈ మెయిల్‌కే జవాబివ్వండి. 417కి రూ. 1,18,000, 471కి మిగిలిన రూ. 23,600 జమ చేస్తాం.”

ప్లీడర్ గుమాస్తా
చివరి పేరా బాగుంది. కానీ 24 దాటినంత మాత్రాన ఆయన ఒప్పుకున్నట్టు కాదు. ఆ తేదీ మీ పని సాగడానికే. తర్వాత ఆయన 417కే అంటే మళ్ళీ మార్చాల్సిందే.

శ్రీకాకుళం లెడ్జర్
అలా అయితే ఏ నెల లెక్కా మూయలేం. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టేనని మెయిల్‌లోనే రాసేయాలి.

కొనుగోలు వైపు
ఆ వాక్యం ఉన్న మెయిల్ అందగానే కొనేవాళ్ళు చేసే మొదటి పని అభ్యంతరం పంపడమే. గుంటూరు వారూ, 24 దాకా 417 పేరు మీద సరుకు ఆపబోమని ఒక్క ముక్క కలపండి, జవాబు త్వరగా వస్తుంది.

గుంటూరు హార్డ్‌వేర్
కలుపుతున్నానండీ. జర్నల్ తీసేసి రసీదు వోచరులోనే మార్చాను, `On Account`లో ఏమీ మిగల్లేదు. మెయిల్ ఈ సాయంత్రం వెళ్తుంది.