పంపకంలో వెనక ముక్కకు దారి రాయలేదు, ఇప్పుడు కంచె వేశారు

వెనకచేను: మాది తెనాలి దగ్గర పల్లె. 2009లో నాన్న, పెదనాన్న రెండెకరాలు పంచుకున్నారు. డొంక వైపు ఎకరం పెదనాన్నకు, వెనకది మాకు. పారిఖత్తులో దారి మాట లేదు. తూర్పు గట్టు పక్కన ట్రాక్టరు చాళ్లు పడి ఉండేవి, అందులోనే వెళ్లేవాళ్లం. పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, ఆ ఎకరం అమ్మేశాడు. కొన్నాయన పోయిన నెల రాళ్లు పాతి ముళ్లకంచె వేశాడు. వరి కోతకొచ్చింది, మిషన్ లోపలికి పోదు. 20 ఏళ్లు నిండలేదు కాబట్టి హక్కు లేదంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

గట్టుమీద: 20 ఏళ్ల మాట నిజమే. కానీ మీ తాతగారి కాలం నుంచీ ఆ దారే కదా, అదంతా కలిపి లెక్క చూపించండి.

పాతప్లీడరు: ఆ లెక్క నిలబడదండీ. పంపకానికి ముందు చేనంతా ఒకే కుటుంబానిది. సొంత చేలో ఎన్నేళ్లు నడిచినా దారి హక్కు పుట్టదు. అసలు మీకు 20 ఏళ్లతో పని లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 13వ సెక్షన్ చూడండి. ఉమ్మడి ఆస్తి పంచుకున్నప్పుడు ఒక వాటాకు రెండో వాటా మీదుగా తప్ప దారి లేకపోతే, కాగితంలో రాయకపోయినా పంచుకున్న రోజే ఆ హక్కు వస్తుంది. తర్వాత కొన్నవాడూ దానికి లోబడాల్సిందే. అయితే తూర్పు గట్టే కావాలని పట్టుబట్టలేరు. మీకు సరిపోయే దారి వేరేచోట చూపిస్తే ఒప్పుకోవాలి.

మాఊరు: మేం ఓడిపోయాం. ముప్పయ్యేళ్లు నడిచాం, కానీ మా నాన్న ఒకసారి "మీ అనుమతితో వాడుకుంటున్నాం" అని సంతకం పెట్టారు. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చన్నారు. దయచేసి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

వెనకచేను: ఒకటి చెప్పడం మర్చిపోయాను. పడమర పంటకాలువ కట్ట ఉంది. మనిషి నడవగలడు, ట్రాక్టరు పట్టదు.

పాతప్లీడరు: అవతలివాళ్లు పట్టుకునేది దాన్నే. ఇంకో దారి ఉంటే, అది ఇబ్బందైనా, 13 కింద హక్కు రాదని వాదిస్తారు. కాలిబాటతో సేద్యం సాగదనీ, ఆ కట్ట మీద మీకు హక్కు లేదనీ మీరు చూపించాలి. తీర్పు ఎటు పోతుందో ముందే చెప్పలేను. ముందు సర్వే ఆఫీసులో చేల కొలతల పటం, అదే ఎఫ్ఎంబీ, నకలు తీసుకోండి. అందులో ఆ చాళ్లు డొంకగా ఉంటే అది అందరి దారి, కథే వేరు. లేకపోతే దావా వేసి, కోత మిషన్ వెళ్లేలా మధ్యంతర ఉత్తర్వు అడగండి. చాళ్లు చెరిగిపోకముందే కోర్టు పంపే కమిషనర్ వచ్చి చూసేలా పిటిషన్ పెట్టండి. దారి వెడల్పు, ఎక్కణ్ణుంచి ఎక్కడికో స్పష్టంగా రాయండి. ఆ నేల కూడా మాదేనని మాత్రం రాయొద్దు, రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి.

గట్టుమీద: రేపు వెనక రోడ్డు పడితే?

పాతప్లీడరు: అవసరం తీరితే అవసరం వల్ల వచ్చిన హక్కూ పోతుంది, 41వ సెక్షన్. 20 ఏళ్ల వాడుకతో వచ్చిన హక్కు అలా పోదు.

వెనకచేను: సోమవారం ఎఫ్ఎంబీకి వెళ్తున్నాను. చాళ్ల ఫొటోలు ఇవాళే తీశాను, కంచె కింద ఇంకా కనిపిస్తున్నాయి.