8 మి.మీ.కి ఒక అల: కప్లర్ మార్చాల్నా, స్క్రూ మార్చాల్నా?

గడియారం సెంటర్, నల్లగొండ
3డీ ప్రింటర్ల 250 మి.మీ. ఎత్తు పూలకుండీ వేస్తే గోడ నిండా అలలు. స్కేలు పెట్టి కొలిస్తే 8 మి.మీ.కి ఒకటి. నాజిల్ మోసే గాంట్రీని లేపేది టీ8 స్క్రూ, చుట్టుకు 8 మి.మీ. లేపుతది. ఒకటే మోటరు, దాన్ని స్క్రూకు కలిపేది స్ప్రింగు కప్లర్, పైన బేరింగ్ లేదు. గట్టి కప్లర్ వేసి పైన బేరింగ్ బిగిస్తే పోతదా?

పాలమూరు నాజిల్
కప్లర్ జోలికి పోకు తమ్మీ. మోటరు బ్రాకెట్ వాలి ఉంటది, దాని కింద అర మిల్లీమీటరు వాషర్ పెట్టి స్క్రూను నిలువు చెయ్, అలలు పోతయ్. లేయర్ ఎత్తు కూడ 0.04 గుణిజంలనే పెట్టు.

మిర్యాలగూడ లేత్
వాషర్ మాట తప్పు గాదు, కని ఈ రోగానికి అది మందు గాదు. మోటరు వాలితే స్క్రూ ఎప్పుడూ ఒక్క దిక్కుకే నూకుతది. గాంట్రీ కింద ఉన్నప్పుడు నట్టు బిగుసుకుంటది, మొదటి లేయర్లు నలుగుతయ్. చుట్టుకొక అల రావాలంటే, స్క్రూతో పాటు తిరిగేదేదో వంకర ఉండాలె: స్క్రూనే వంగిందో, కప్లర్‌ల మధ్యకు కూసోలేదో.

0.04 లెక్క కూడ నిజమే, 8 మి.మీ.ని మోటరు చుట్టుకు వేసే 200 స్టెప్పులతో భాగిస్తే అంతే వస్తది. కని 0.25 లేయర్ పెట్టినా ఆ తేడా 4 లేయర్లకోసారి, అంటే 1 మి.మీ.కి తిరిగొస్తది. 8కి రాదు.

ఏదీ కొనకముందు 40 మి.మీ. చదరం, 80 మి.మీ. ఎత్తు టవర్ ఒకటి వెయ్. పది అలలు రావాలె. అల ఉబ్బిన కాడ, లోపలికి పోయిన కాడ వెర్నియర్‌తో అడ్డం కొలువు. ఒక గోడ ఉబ్బిన ఎత్తులనే ఎదురు గోడ లోపలికి పోయి కొలత మారకుంటే, లేయరే పక్కకు జరుగుతున్నట్టు. రెండు గోడలు ఒకేసారి ఉబ్బితే లేయర్ మందమో ప్లాస్టిక్ ధారో మారుతున్నట్టు, దానికి వేరే వెతుకులాట.

దేవరకొండ
నాకు గూడ అలలు ఉన్నయన్నా, అక్షరాల అంచు పక్కన నీడ లెక్క రెండు మూడు గీతలు. నేను గూడ స్క్రూ మార్చాల్నా?

మిర్యాలగూడ లేత్
నీది నిలువు గీతలు, మూల తిరిగినప్పుడు వచ్చే ఊపు. వేగం తగ్గించి చూడు. స్క్రూకు దానికి సంబంధం లేదు.

గడియారం సెంటర్, నల్లగొండ
టవర్ వేసిన. అడ్డం ఎక్కడ కొలిచినా 40.05, తేడా 0.02 దాటలే. ఎడమ గోడ ఉబ్బిన కాడ కుడి గోడ లోపలికుంది.

మిర్యాలగూడ లేత్
అయితే జరుగుడే. ఇప్పుడు దొంగ స్క్రూనా కప్లరా తేలాలె. కరెంటు తీసెయ్, గాంట్రీ కింద చెక్క ముక్క ఆనిచ్చి ఇత్తడి నట్టు మరలు విప్పు. కప్లర్ మీద ఒక గీత, దానికి ఎదురుగ స్క్రూ మీద ఒక గీత పెట్టు. స్క్రూ పై కొస పక్కన కదలకుండ పెన్ను నిలబెట్టి కప్లర్‌ను చేత్తో మెల్లగ తిప్పు. కొస పెన్నుకు బాగా దగ్గరైనప్పుడు కప్లర్ గీత ఏ దిక్కున్నదో రాసుకో. తర్వాత కప్లర్ వదులు చేసి, స్క్రూ ఒక్కదాన్నే సగం చుట్టు తిప్పి, బిగించి మళ్ల చూడు. కప్లర్ గీత మొదటి దిక్కుననే ఉంటే తప్పు కప్లర్‌ది. స్క్రూ గీత ఉంటే స్క్రూ వంగింది, మార్చుడే.

గడియారం సెంటర్, నల్లగొండ
కప్లర్ గీతే. కొస దాదాపు 1 మి.మీ. ఊగుతుంది.

మిర్యాలగూడ లేత్
అనుకున్నదే. గ్రబ్ స్క్రూ కప్లర్‌ల రంధ్రం షాఫ్టు కంటె జెర్ర పెద్దగుంటది, ఒక మర గట్టిగ బిగిస్తే షాఫ్టు అవతలి గోడకు అతుక్కుంటది. గట్టిదా స్ప్రింగుదా అన్నదాని కంటె ముందు, చుట్టూ పట్టుకునే క్లాంప్ రకం తీసుకో. కొలత మోటరు దిక్కు 5, స్క్రూ దిక్కు 8 మి.మీ. పైన బేరింగ్ మాత్రం వద్దు. నట్టు మరలు గూడ పూర్తిగ బిగించకు, నట్టు వేలితో పక్కకు కదలాలె.

పాలమూరు నాజిల్
క్లాంప్ ఒప్పుకుంట. కని స్ప్రింగు రకం వద్దు, గాంట్రీ బరువుకు సాగి నలుగుతది.

మిర్యాలగూడ లేత్
స్క్రూ అడుగు మోటరు షాఫ్టు మీద ఆనితే నలగదు. గట్టిది వేస్తే మోటరు వాలు మొత్తం స్క్రూకే ఎక్కుతది. అప్పుడు నీ వాషర్ పనికొస్తది.

దేవరకొండ
రైసుమిల్లు షాఫ్టుకు రెండు కొసలా బేరింగ్ ఉంటది గదా, దీనికెందుకు వద్దంటరు?

మిర్యాలగూడ లేత్
మిల్లు షాఫ్టును పట్టేది ఆ బేరింగులే. ఇక్కడ గాంట్రీని చక్రాలు ముందే పట్టుకున్నయ్. పైన బేరింగ్ పెడితే స్క్రూ కూడ దారి చూపబోతది, వంకరుంటే ఆ వంకరంతా గాంట్రీ మీదికే.

పాలమూరు నాజిల్
400 మి.మీ. మెషీన్ల కొస వదిలేస్తే, గాంట్రీ కిందున్నప్పుడు టకటక కొట్టుకుంటది. అక్కడ బేరింగ్ వదులుగనైనా ఉండాలె. నేనైతే తియ్య.

మిర్యాలగూడ లేత్
చప్పుడు వేరు, అల వేరు. బేరింగ్‌తో ఒక టవర్, తీసేసి ఒక టవర్ వేసి ఫోటోలు పెట్టు, చూద్దాం.