మూసీని ‘నువ్వు’ అని పిలిచే కవితలో పేరు ఎక్కడ పెట్టాలి?

మూసీతో నేరుగా మాట్లాడే ఎనిమిది పాదాల వచన కవిత ఇది. మొదటి ప్రతిలో ఎత్తుగడ: ‘ఓ మూసీ! నీవెంత చిక్కిపోయితివి!’ చదవగానే నాటకం డైలాగులా ఉంది. ‘ఓ’, ‘నీవు’, ‘తివి’, రెండు ఆశ్చర్యార్థకాలు తీసేస్తే ఇలా మారింది:

‘పురానాపూల్ కింద మోకాలి లోతు కూడా లేవు.
1908లో ఊరిని ముంచింది నువ్వేనా?’

గొంతు మామూలు మాటకు దగ్గరైంది కానీ రెండు చిక్కులు వచ్చాయి. క్రియే ‘నువ్వు’ను మోస్తుంది కదా అని సర్వనామం వదిలేస్తే, ‘లేవు’ అన్నచోట ‘నీళ్లు లేవు’ అని చదువుతున్నారు. ‘వచ్చావు’, ‘ఉన్నావు’లతో ఈ గొడవ లేదు. రెండోది, పేరు. గోదావరి పిలుపులో ‘గోదావరీ’ అవుతుంది. మూసీకి చివర దీర్ఘం ముందే ఉంది, కాబట్టి పాదం మొదట్లో పెడితే పిలుపో, కర్తో తెలియదు. అసలు పేరే లేకపోతే ‘నువ్వు’ ప్రేయసి అయిపోతోంది.

‘ఏమైపోయావు మూసీ’ అన్నట్టు పేరును క్రియ తర్వాత, మూడో పాదంలో ఒక్కసారే పెడితే సరిపోతుందా? అప్పటిదాకా పురానాపూల్ ఒక్కటే నదిని గుర్తు చేయగలదా? ‘లేవు’కు బదులు ఏ క్రియ వాడతారు? ‘అమ్మా’ వద్దు, పూజలా వినిపిస్తుంది.