"పాత బిల్లులకు సర్దుబాటు చేశాం": ఈ వాక్యంలో తప్పెక్కడ?

సుజాత (రాజమండ్రి)
మాది టైల్స్ హోల్‌సేల్ షాపు, నేను లెక్కలు చూస్తాను. ఒక పాత కస్టమర్‌కి తెలుగులో లెటర్ రాయాల్సి వచ్చి ఇరుక్కుపోయాను. ఆయనవి మూడు బిల్లులున్నాయి. ఏప్రిల్ 8న 42,000, మే 3న 36,500, జూన్ 11న 58,000. మొత్తం 1,36,500. జూన్ 28న ఆయన బ్యాంకు ద్వారా 60,000 వేశారు. ఏ బిల్లుకో ఏమీ రాయలేదు. మేం ఏప్రిల్ బిల్లు పూర్తిగా తీసేసి, మిగిలిన 18,000 మే బిల్లులోకి తీసుకున్నాం. "మీరు పంపిన 60,000 పాత బిల్లులకు సర్దుబాటు చేశాం" అని రాసి పంపాను.

రెండు రోజులకు ఫోన్ చేసి, "సంతోషం అమ్మా, పాతవన్నీ సర్దుబాటు చేసేశారుగా, ఇక జూన్‌దే కదా మిగిలింది" అన్నారు! మే బిల్లులో ఇంకా 18,500 ఉంది. సర్దుబాటు అంటే ఆయనకి రాజీ అన్నట్టు వినపడింది. "చెల్లు రాశాం" అంటే ఇంకా ప్రమాదమేమో అనిపిస్తోంది. ఈ పనికి సరైన మాట ఏమిటి?

భాను ప్రకాష్
"కేటాయించాం" అనండి. చక్కటి మాట. జమ, బాకీ, బకాయి అన్నీ అరబ్బీ నుంచి వచ్చినవే, వాటిని వదిలించుకోవడానికి ఇదో అవకాశం.

సుజాత
అచ్చతెలుగు కోసం అడగలేదండీ, కస్టమర్‌కి అర్థం కావడం కోసం అడిగాను. అయినా కేటాయించడం అంటే ముందు ముందు ఖర్చు పెట్టబోయే డబ్బు గురించి అన్నట్టుంటుంది. బడ్జెట్‌లో రోడ్లకు కేటాయిస్తారు. ఇది వచ్చేసిన డబ్బు కదా.

శ్రీధర్
మాట సంగతి తర్వాత. ఆయనతో గొడవే అక్కర్లేదు. పాత బిల్లుకే ముందు పోవాలన్నది చట్టం. 1816లో ఇంగ్లండ్‌లో క్లేటన్ కేసులో తేల్చేశారు. ముందు వచ్చిన బాకీ ముందు తీరుతుంది, అంతే. "చట్ట ప్రకారం పాత బిల్లులకు పోయింది" అని ఒక్క ముక్క రాసి పడేయండి.

విశ్వనాథం
శ్రీధర్ గారూ, సగం చెప్పి ఆపేశారు. నేను ముప్పయ్యేళ్లు వకీలు దగ్గర గుమాస్తాగా పనిచేశాను, దావాలకు లెక్కల పట్టికలు రాసింది నేనే. మన దగ్గర నడిచేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. అందులో 59, 60, 61 సెక్షన్లు వరసగా చదవాలి. డబ్బిచ్చేవాడు "ఇది ఫలానా బాకీకి" అని చెప్పి ఇస్తే, పుచ్చుకున్నవాడు దానికే రాయాలి. ఇచ్చేవాడు చెప్పకపోతే, పుచ్చుకునేవాడు తనకు నచ్చిన బాకీకి రాసుకోవచ్చు, దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు దాటిపోయిన బాకీకైనా సరే. ఇద్దరూ ఏమీ అనకపోతేనే తేదీల వరసన పాతది ముందు. అంటే పాతది ముందు అన్నది మూడో మెట్టు.

సుజాతమ్మా, మీరు అడిగిన మాట మన వ్యవహారంలో ఉండనే ఉంది: "కింద జమ". తప్పు "సర్దుబాటు"లోనే కాదు, "బిల్లులకు" అనడంలోనూ ఉంది. "బిల్లులకు" అంటే ఆ బిల్లుల మొత్తానికి అని ధ్వనిస్తుంది. "ఏప్రిల్ బిల్లు కింద 42,000, మే బిల్లు కింద 18,000" అంటే ఎంత పోయిందో అంతే పోతుంది. అడ్వాన్సు కింద ఇచ్చాడు, వడ్డీ కింద పట్టుకున్నాడు అంటాం చూడండి, ఆ "కింద" అనే ముక్కే ఇక్కడ పనంతా చేస్తుంది.

రమాదేవి
బాబాయ్ గారూ, మీరన్నాక గుర్తొచ్చింది. మా నాన్న చిట్టాలో ఎప్పుడూ "జమ" ఒక్కటే రాసేవారు కాదు. పేరు, ఆ పక్కన "పాత బాకీ కింద" అని చిన్న అక్షరాలతో. ఆ చిన్న అక్షరాలు లేని పద్దు మీదే పండక్కి ముందు దెబ్బలాటలు అయ్యేవి.

విశ్వనాథం
ఇంకో విశేషం గమనించారా? ఆ మూడు సెక్షన్లు మన క్రియల్లోనే ఉన్నాయి. "మే బిల్లు కింద జమ కట్టండి": ఇది ఇచ్చేవాడి మాట. "మే బిల్లు కింద జమ కట్టుకున్నాం": ఇది పుచ్చుకున్నవాడి ఇష్టం, ఆ "కొను"లోనే ఉంది. "పాత బిల్లు కింద జమ పడింది": ఎవరూ ఏమీ అనలేదు, వరసను బట్టి దానంతట అది పడింది. లెటర్‌లో ఏ క్రియ రాస్తే ఆ సంగతి ఒప్పుకున్నట్టే.

లక్ష్మణ్ (కరీంనగర్)
మా దిక్కు "పాత బాకీల పట్టుకున్నడు" అంటరు సార్. కానీ అట్లంటే కొంచెం కోపమున్నట్టు. నేనిచ్చింది ఒకటికి, ఆయన కోసుకున్నది ఇంకోటికి అన్నట్టు. షాపాయన తన నోటితోని "పట్టుకున్న" అనడు, "జమ చేసిన" అంటడు. బాకీ ఉన్నాయన అంటడు పట్టుకున్నడని.

విశ్వనాథం
బాగా చెప్పారు. అవే అంకెలు, చూసేవాడిని బట్టి క్రియ మారుతుంది.

పద్మ
నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో వ్యవహారం వేరేగా జరిగింది. మా మరిది రాసిచ్చిన ప్రామిసరీ నోటు మీద మధ్యలో 50,000 ఇస్తే, నోటు వెనక జమ రాసి సంతకం పెట్టించుకున్నారు. తర్వాత చూస్తే అసలు కొంచెమే తగ్గింది, చాలామటుకు వడ్డీకే పోయిందట. మరి పాత అసలు ముందు తీరాలి కదా, పాతది ముందు అంటే?

విశ్వనాథం
అమ్మా, అది వేరే సంగతి. అక్కడ ఉన్నది రెండు మూడు బాకీలు కాదు, ఒకే బాకీలో అసలు, వడ్డీ అని రెండు భాగాలు. ఇచ్చేటప్పుడు ఫలానా దానికని చెప్పకపోతే ముందు వడ్డీకి, ఆ తర్వాత అసలుకి. ఇది మన మేకా వెంకటాద్రి అప్పారావు కేసులో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి స్థిరపడింది. మీ మరిది "అసలు కింద" అని ముందే రాయించి, వాళ్లు దానికి ఒప్పుకుని ఉంటే కథ వేరు. ఆ వెనక రాత చిన్నది కాదు, గడువు లోపల రాసి సంతకం పెడితే మూడేళ్లు మళ్లీ మొదట్నుంచి లెక్కకొస్తాయి.

శ్రీధర్
సరే, మూడో మెట్టే అని ఒప్పుకుంటా. మరి ఒకే రోజు రెండు బిల్లులుంటే ఏది పాతది? మా దగ్గర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కొడతారు.

విశ్వనాథం
అప్పుడు దామాషా. ఒకటి 30,000, ఇంకోటి 10,000 అయి, వచ్చింది 20,000 అయితే, 15,000 ఒకదానికి, 5,000 ఇంకోదానికి. "దామాషా" అన్న మాటను చక్కగా వాడుకునే చోటు అది.

సుజాత
మీరందరూ బాగా చెప్పారు కానీ కథ మారింది. ఇందాక మళ్లీ ఆయన ఫోన్. ఇప్పుడు "ఆ 60,000 జూన్ బిల్లుకే వేశాను, పైన 2,000 అడ్వాన్సు" అంటున్నారు. మే సరుకులో కొన్ని టైల్స్ పగిలి వచ్చాయట, ఆ బిల్లు తేలేదాకా దానికి ఇవ్వనని మా డ్రైవర్‌తో చెప్పారట. డ్రైవర్ ఏమో గుర్తు లేదంటున్నాడు.

శ్రీధర్
చూశారా! చెప్పానంటే చాలా? రాత ఉండాలి.

విశ్వనాథం
రాతే ఉండాలని చట్టం అనలేదు. నోటితో చెప్పినా చాలు, పరిస్థితిని బట్టి తెలిసినా చాలు. ఉదాహరణకి ఆయన సరిగ్గా 58,000 వేసి ఉంటే, ఆ అంకె వేరే ఏ బిల్లుకీ సరిపోదు కాబట్టి, జూన్ బిల్లుకే అని అంకే చెప్పినట్టు. వేసింది 60,000. 2,000 ఎక్కువ వేయడం ఆయన మాటని కొంచెం పలచన చేస్తుంది, అబద్ధమని తేల్చదు. డబ్బు వేయకముందే డ్రైవర్‌తో చెప్పారా, తర్వాతా? డ్రైవర్‌కి చెబితే షాపుకి చెప్పినట్టేనా? అది నేను తేల్చలేను.

రమాదేవి
సుజాతా, మీరు ఆయనకి స్టేట్‌మెంట్ పంపారా? అందులో ఎలా ఉంది?

సుజాత
ఇప్పుడు తీసి చూశాను, తల పట్టుకున్నాను. రిసీట్ ఎంట్రీ మా కుర్రాడు కొట్టాడు. టాలీలో `Agst Ref` ఎంచుకుని బిల్లు నంబర్లు ఇవ్వాల్సింది, `On Account` అని వదిలేశాడు. కాబట్టి మూడు బిల్లులూ పూర్తి అంకెలతోనే నిలబడి ఉన్నాయి, కింద 60,000 విడిగా తీసివేతగా వేలాడుతోంది. లెటర్‌లో సర్దుబాటు అన్నాం, స్టేట్‌మెంట్‌లో ఏ బిల్లూ కదల్లేదు. బాకీ మొత్తం 76,500 అన్నది రెండింటిలోనూ ఒకటే, అందుకే నాకు ఇన్నాళ్లూ తెలియలేదు.

శ్రీధర్
`On Account` చాలామంది సౌకర్యం కోసం వదిలేస్తారు, నెలాఖరుకి సర్దుకుందాం అని. నెలాఖరు రాదు. ఏ బిల్లు ఎన్ని రోజులైందో చూసే రిపోర్ట్‌లో తీరిన ఏప్రిల్ బిల్లు కూడా పాతబాకీగా అరుస్తూ ఉంటుంది. ఎంట్రీలో `Agst Ref` పెట్టి మార్చండి. కానీ ముందు ఆయనతో మాట తేలాలి.

లక్ష్మణ్ (కరీంనగర్)
అక్కా, "On Account" ని తెలుగుల ఏమంటరో? "ఖాతా మీద" అంటే ఏ బిల్లు కింద కాదు, ఊరికె ఖాతా మీద అన్నట్టా? మనకి "మీద", "కింద" రెండూ ఉన్నయి కదా.

విశ్వనాథం
అబ్బ, ఇది నాకు తట్టలేదు! ఖాతా మీద వేశాడు, బిల్లు కింద జమ పడలేదు. ముప్పయ్యేళ్లు రాసి కూడా నేను అట్లా చూడలేదు.

సుజాత
కొత్త లెటర్ ఇలా రాశాను, చూడండి:

"జూన్ 28న మీరు పంపిన 60,000 రూపాయలు మాకు చేరాయి. ఏ బిల్లుకో మీరు తెలపనందున, ఏప్రిల్ 8 నాటి బిల్లు కింద 42,000, మే 3 నాటి బిల్లు కింద 18,000 జమ కట్టుకున్నాం. ఇవి పోను మే బిల్లులో 18,500, జూన్ 11 నాటి బిల్లులో 58,000, వెరసి 76,500 నిల్వ ఉంది. పగిలిన టైల్స్ విషయం విడిగా మాట్లాడుకుందాం."

భాను ప్రకాష్
"తెలపనందున" అంటే ఆయన డ్రైవర్‌కి చెప్పలేదని మీరు తేల్చేసినట్టు కాదా?

సుజాత
నిజమే. "బ్యాంకు వివరాల్లో లేనందున" అని మారుస్తాను.

రమాదేవి
"నిల్వ ఉంది" కూడా తీసేయండి. టైల్స్ షాపు నుంచి వస్తున్న లెటర్, 76,500 నిల్వ అంటే ఆయన గోడౌన్‌లో సరుకనుకుంటారు.

సుజాత
అయ్యో, మళ్లీ మొదటికొచ్చాం. "బాకీ" అని రాస్తే ఆయనకి కోపం వస్తుంది, ఇంత పాత కస్టమర్‌ని. "రావలసి ఉంది" అంటే?

లక్ష్మణ్ (కరీంనగర్)
ఎవరికి రావాలని అడుగుతడు అక్కా.