అలంకార శీర్షికను ఉన్నదున్నట్టు టైపు చేయడం ఎలా? (ద, ధ తేడాతో సహా)

కత్తిరింపుల పెట్టె: మా గ్రంథాలయంలో జిల్లా పేజీల కత్తిరింపులకు సూచిక తయారు చేస్తున్నాను. వార్తలోని మామూలు అక్షరాలతో ఇబ్బంది లేదు, శీర్షికల దగ్గరే చిక్కంతా. ఒక ఉదాహరణ చెబుతాను. రెండు వరుసల లావు అక్షరాలు. పై వరుస "మదనపల్లె మార్కెట్‌లో", కింది వరుస "టమాటా రైతు దరహాసం". చివరి పదంలో మొదటి అక్షరం "ద" అనుకుంటున్నాను కానీ "ధ" లాగానూ కనిపిస్తోంది. దాని అడుగునే ఉపశీర్షిక పట్టీ అతుక్కుని ఉంది. చివరి సున్న స్థానంలో టమాటా బొమ్మ వేశారు. ఓసీఆర్ పెడితే "దరహాస" అని వచ్చి ఆగిపోయింది. ఏది సరైన పాఠం?

పెళ్లిపత్రికల బాబాయ్: అలాంటి లావు అక్షరాలకు రామభద్ర ఫాంటు బాగుంటుందమ్మా. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. శుభలేఖల మీద పేర్లకు నేను అదే వాడతాను.

కత్తిరింపుల పెట్టె: బాబాయ్ గారూ, నేను శీర్షిక తయారు చేయడం లేదండీ. అచ్చయినదాన్ని చదివి సాదా అక్షరాల్లో ఎక్కించాలి.

యంత్రప్రియుడు: ఓసీఆర్‌ను నమ్మండి, ముందు బొమ్మను శుభ్రం చేయండి. నలుపు తెలుపుగా మార్చి, రెండు వరుసలను ఒకే ముక్కగా ఇస్తే టెసరాక్ట్ బాగానే చదువుతుంది. ఆ తరువాత అక్షరదోషాల తనిఖీ నడిపితే మిగిలిన తప్పులు అదే దిద్దుతుంది. "దరహాసం" నిఘంటువులో ఉన్న మాటే. ఇందులో సందేహం దేనికి?

```
tesseract clean.png out -l tel --psm 6
```

పాతకాపు డీటీపీ: శుభ్రం చేయమన్నది సరైన మాట. నిఘంటువు చేత దిద్దించమన్నది మాత్రం శీర్షికల విషయంలో ప్రమాదం. టమాటా రైతు, మార్కెట్, నవ్వు. ఈ మూడూ ఒకచోట చేరితే డెస్కులో కూర్చున్న ఏ ఉపసంపాదకుడైనా "ధరహాసం" అని రాయకుండా ఉండలేడు. ధర పలికింది కాబట్టి రైతు నవ్వుతున్నాడు. అది కావాలని చేసిన తప్పు, దాన్ని దిద్దితే శీర్షికే పోతుంది. అయితే ఇది నా ఊహ మాత్రమే, ఊహను బట్టి టైపు చేయకూడదు. పెట్టె గారూ, అదే శీర్షికలో మీకు సాక్ష్యం ఉంది చూడండి. "మదనపల్లె"లో ఒక "ద" ఉంది కదా, అదీ అదే ఫాంటు. ఆ "ద"ను, అనుమానం ఉన్న అక్షరాన్ని పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూడండి. "ద" అడుగు వంపు నునుపుగా ముగుస్తుంది. "ధ" అయితే వంపు కింద చిన్న నిలువు గీత ఉండాలి. అది పట్టీలో కలిసిపోయినా పైన మెడ లాంటి ముక్క మిగులుతుంది. ఇంకొక మాట, ఆ పదం అంతా ఒకే రంగులో ఉందా?

కత్తిరింపుల పెట్టె: నేను ఇంతవరకూ చూసింది జిరాక్సు కాపీ. ఇప్పుడే అసలు కాగితం తీశాను. వెనక ముదురు ఆకుపచ్చ, అక్షరాలు తెలుపు, మొదటి రెండు అక్షరాలు మాత్రం పసుపు. టమాటా ఎరుపు. పెద్దది చేసి చూస్తే అనుమానపు అక్షరం కింద పట్టీని తాకుతూ సన్నని ముక్క ఉంది. "మదనపల్లె"లోని "ద" కింద అలాంటిది ఏమీ లేదు.

పాతకాపు డీటీపీ: ఇంకేం, "ధర" రెండు అక్షరాలూ పసుపు. గీత ఉంది, రంగు ఉంది, వార్త కూడా ధర గురించే అయితే ఇక తగాదా లేదు. ధరహాసం.

ఓసీఆర్‌కు టమాటా ఎందుకు కనిపించలేదో కూడా తేలిపోయింది. మామూలుగా నలుపు తెలుపుకు మారిస్తే ముదురు ఆకుపచ్చ, ఎరుపు రెండూ దాదాపు ఒకే బూడిద రంగులోకి దిగుతాయి. బొమ్మ నేపథ్యంలో కలిసిపోతుంది. ఎరుపు చానల్ ఒక్కటే తీసుకోండి. తెలుపు, పసుపు, ఎరుపు మూడూ అందులో వెలుగుగా వస్తాయి, ఆకుపచ్చ చీకటిగా మిగులుతుంది. దాన్ని తిరగేస్తే తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు.

```
magick clip.png -channel R -separate +channel -negate -threshold 50% clean.png
```

ఇంత చేసినా టమాటా నిండు గుండ్రంగా ఉంటుంది, సున్నలా మధ్యలో ఖాళీ ఉండదు. యంత్రం దాన్ని చుక్క అనుకోవచ్చు. ఆ సున్న మీరే టైపు చేసుకోవాలి.

యంత్రప్రియుడు: చానల్ సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటాను. కానీ ఊరి పేరు మాటేమిటి? కొందరు మదనపల్లి అని రాస్తారు. సూచికలో రెండు రకాలుగా ఉంటే వెతికేవాళ్లు ఇబ్బంది పడరా? దాన్నైనా దిద్దాలి కదా.

పాతకాపు డీటీపీ: అచ్చులో ఏముంటే అదే. లావు ఫాంట్లలో గుడికీ ఎత్వానికీ తేడా చిన్నది. గుడి అక్షరం తలమీద గుండ్రంగా మూసుకుంటుంది, ఎత్వం మూసుకోదు. సిరా పూడుకుపోతే రెండూ ఒకటే అనిపిస్తాయి. అందుకే ఫోను ఫొటోతో సరిపెట్టుకోకుండా స్కాన్ చేయమంటాను. వెతుకులాట కోసం ఊరి పేరుకు వేరే గడి పెట్టుకోండి, శీర్షిక గడిని ముట్టుకోవద్దు.

ఈపేపర్ పాఠకుడు: నా సమస్య కూడా ఇలాంటిదే. పాత పీడీఎఫ్‌లో శీర్షికను ఎంచుకుని కాపీ చేస్తే ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి. కొన్ని శీర్షికలైతే ఎంచుకోవడానికే లొంగడం లేదు.

పాతకాపు డీటీపీ: మీది వేరే జబ్బండీ. మొదటిది అను లాంటి పాత ఫాంటు. అందులో తెలుగు ఆకారాలను ఆంగ్ల అక్షరాల స్థానాల్లో పెట్టారు. ఆ ఫాంటుకు సరిపోయే కన్వర్టర్ దొరికితే మారుతుంది. ఎంచుకోవడానికి లొంగనివి బహుశా కోరల్‌లో గీతలుగా మార్చేసినవి. మేము శీర్షికలను సాగదీయడానికి, ఒత్తులు జరపడానికి అలాగే చేసేవాళ్లం. అక్కడ అక్షరాలే లేవు, బొమ్మే ఉంది. కాబట్టి మీరూ పెట్టె గారి దారినే పట్టాలి.

యూనికోడ్ చాదస్తం: కళ్లతో చూస్తే తెలియని తప్పులు రెండు ఉన్నాయి. ఒకటి సున్న. "ం" కొట్టాల్సిన చోట తెలుగు అంకె "౦" పడితే తెరమీద తేడా తెలియదు, వెతికితే మాత్రం దొరకదు. ఓసీఆర్ ఫలితంలో దీన్ని తప్పకుండా చూడాలి. రెండోది "రైతు". ఐత్వం ఒకే గుర్తుగానూ పడవచ్చు, ఎత్వం, దాని కింది ముక్క విడివిడిగానూ పడవచ్చు. చూడటానికి రెండూ రైతే.

```
import unicodedata
s = unicodedata.normalize("NFC", s)
s = s.replace("\u0C66", "\u0C02")
```

రెండో వరుస ఐత్వాన్ని కలుపుతుంది, మూడోది అంకెను సున్నగా మారుస్తుంది. తెలుగు అంకెలు నిజంగా వాడిన పాత పత్రికలైతే మూడో వరుస తీసేయండి.

ఇక "మార్కెట్‌లో". అచ్చులో ట మీద పొల్లు స్పష్టంగా ఉందా, లేక ట కింద ల ఒత్తు ఉందా? పొల్లు ఉంటే "ట్" తరువాత కనిపించని విడదీత గుర్తు, U+200C, పెట్టాలి. లేకపోతే తెరమీద "మార్కెట్లో" అవుతుంది.

యంత్రప్రియుడు: ఆ కనిపించని గుర్తు వల్ల వెతుకులాట తప్పుతుంది. నేనైతే అన్నిచోట్లా తీసేస్తాను.

యూనికోడ్ చాదస్తం: వెతికే గడిలో తీసేయండి, శీర్షిక గడిలో ఉంచండి.

యంత్రప్రియుడు: ఒకే శీర్షికకు రెండు గడులు ఎవరు నింపుతారండీ?

కత్తిరింపుల పెట్టె: పొల్లే ఉంది. రెండో గడిని మొదటి దాని నుంచి ఆ గుర్తు తీసేసి యంత్రం చేతనే నింపిస్తాను. ఇంకొకటి మిగిలింది. పసుపు రంగు సాదా అక్షరాల్లోకి రాదు కదా. 'ధర'హాసం అని కొటేషన్లలో పెట్టనా?

పాతకాపు డీటీపీ: వద్దు. పత్రికలే కొన్నిసార్లు అలా కొటేషన్లు వేస్తాయి. మీరూ వేస్తే అచ్చులో ఉన్నవి ఏవో, మీరు చేర్చినవి ఏవో రేపు తెలియదు. "ధర పసుపు రంగులో, సున్న స్థానంలో టమాటా బొమ్మ" అని వివరణ గడిలో రాయండి.

యూనికోడ్ చాదస్తం: వివరణ గడి ఎవరూ తెరవరు. ధరహాసం అని ఒక్కటే కనిపిస్తే రేపు ఇంకెవరో అచ్చుతప్పు అనుకుని దిద్దేస్తారు. కొటేషన్ల బదులు చదరపు బ్రాకెట్లు వాడితే పోదా? పత్రికలు వాటిని శీర్షికల్లో సాధారణంగా వాడవు.

కత్తిరింపుల పెట్టె: ప్రస్తుతానికి వివరణ గడిలోనే రాస్తున్నాను. బ్రాకెట్ల సంగతి మా గ్రంథపాలకుడిని అడగాలి. టమాటాల కట్ట అయిపోయింది, తరువాతి కట్టలో మామిడి కాయలన్నీ సున్నల స్థానంలోనే ఉన్నాయి.