కోయంబత్తూరు అత్తవారింటికి తమిళం: లిపి ముందా, మాట ముందా?

శైలజ_నెల్లూరు: వచ్చే ఫాల్గుణంలో నా పెళ్లి. అత్తవారిది కోయంబత్తూరు. వారి తమిళం, ఆచారాలు నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పాఠకుడు: లిపితో మొదలుపెట్టండి. తమిళంలో ఖ, ఘ వంటి అక్షరాలు లేవు, క, గ రెండింటికీ ఒకే అక్షరం, కనుక త్వరగా పట్టుబడుతుంది. పుస్తకంతో నేర్చుకున్న భాషే నిలుస్తుంది.

కొంగునాటి_కోడలు: పాఠకుడు గారూ, ఆ ఒకే అక్షరాన్ని ఎక్కడ క అనాలో, ఎక్కడ గ అనాలో ముందుగా విన్న చెవికే సులువుగా తెలుస్తుంది. పైగా పుస్తకంలోని తమిళాన్ని ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ‘భోంచేశారా’ అనడానికి పుస్తకంలో ‘సాప్పిట్టీర్గళా’ అని ఉన్న ప్రశ్న వంటింట్లో ‘సాప్టీంగళా’ అని వినిపిస్తుంది. శైలజ గారూ, కాబోయే భర్తతో రోజూ కాసేపు తమిళంలోనే మాట్లాడండి, అదీ ఆయన తల్లిగారితో మాట్లాడే తీరులోనే. కోయంబత్తూరు వైపు ‘ఏమండీ’ అన్నట్లు వాడే ‘ఏనుంగ’ అనే పిలుపు చెన్నై పాఠాల్లో మీకు దొరకకపోవచ్చు.

రమణ_గుంటూరు: ఆచారాల గురించి దిగులు వద్దు. మన ఆషాఢమే వారి ఆడి, కొత్త కోడలు పుట్టింటికి వెళ్లడం రెండు చోట్లా ఉంది.

కొంగునాటి_కోడలు: ఆచారం ఒకటే కాని నెల ఒకటి కాదండీ. మనది చాంద్రమానం, వారిది సౌరమానం. 2024లో మన ఆషాఢం జూలై 6న మొదలై ఆగస్టు 4న ముగిసింది, వారి ఆడి జూలై 17 నుంచి ఆగస్టు 16 వరకు సాగింది. శ్రావణం రాగానే అమ్మాయిని పంపుతామని పుట్టింటివారంటే, ఆడి వెళ్లేదాకా ఆగమని అత్తవారంటారు. మొదటి ఏడాది మంగళగౌరీ నోము పుట్టింట్లోనే పట్టే ఆనవాయితీ మీకుంటే ఆ ఆలస్యం కలిసివస్తుంది. ఈ సంగతి పెద్దలకు ముందే చెప్పండి.

సుధారాణి: ఎవరూ అడగనిది నేను అడుగుతాను. నేను తమిళం నేర్చుకున్నాను, ఆడి పాటించాను. నా భర్త మాత్రం నేటికీ మా అమ్మతో ఇంగ్లీషులోనే మాట్లాడతారు, ఆమెకు ఆ భాష రాదు. ఆయన రాగానే ఆమె వంటింట్లోకి వెళ్లిపోతుంది.

పాఠకుడు: ప్రశ్న అది కాదు. లిపి సంగతి తేల్చనివ్వండి.

సుధారాణి: మీకు లిపి తప్ప మరేమీ కనిపించడం లేదు! నేర్చుకోవలసింది కోడలొక్కతేనా?

రమణ_గుంటూరు: అల్లుడు పండుగకు వచ్చి వెళ్తాడు, కోడలు ఆ ఇంట్లో ఉంటుంది. అవసరం ఉన్నవారే నేర్చుకుంటారు.

కొంగునాటి_కోడలు: రమణ గారూ, ఈ మాటను నేను ఒప్పుకోను. రేపు బిడ్డ పుట్టాక నెలల తరబడి ఆ అమ్మమ్మే ఇంట్లో ఉండి నీళ్లు పోయాలి, పథ్యం పెట్టాలి. ఆమె చెప్పేది అల్లుడికి అర్థం కాకపోతే ఇద్దరి మధ్య ప్రతి మాటనూ బాలింతే మోయాలి.

రమణ_గుంటూరు: మా ఇళ్లలో అలాంటి ఇబ్బంది రాలేదు.

శైలజ_నెల్లూరు: ఆయన తెలుగు నేర్చుకోవడం గురించి మేము ఇంతవరకు మాట్లాడుకోనే లేదు. ఇప్పుడు అడిగితే షరతు పెట్టినట్లు అనుకుంటారేమో?

సుధారాణి: అడగండమ్మా. మీ అమ్మగారితో వారానికొకసారి ఫోనులో తెలుగులో మాట్లాడమనండి, అదీ పెళ్లికి ముందే.