‘ఇరవై మణుగులు బారు...’ చివర వనా, వునా?

అరసున్న: చిన్నప్పుడు తాతయ్య ఎక్కాలతో పాటు అప్పజెప్పించుకున్న తూకాల లెక్క ఒకటి సగమే గుర్తుంది. నలభై పలాలు వీశె, ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు... ఇక్కడే ఆగిపోతాను. ‘బారువ’ అనేవారా ‘బారువు’ అనేవారా? ఇప్పుడెందుకంటే, ఒక పాత పట్టిక స్కాన్ దొరికింది. మొదటి వరసలన్నీ మ., వీ., ప. అనే మూడు గళ్ళలో ఉన్నాయి, చివరి వరసలు కిలోల్లో. అన్నిటినీ కిలోల్లోకి మారుస్తున్నాను. అడుగున ‘౨౦ మ. = ౧ బారు’ దాకా ఉంది, తర్వాత కాగితం చిరిగింది.

బండి ర: బారువు అండీ, అనుమానం లేదు. బరువు, బారువు ఒకే కుదురు.

వలపలగిలక: బండి ర గారూ, మీకెప్పుడూ అనుమానం ఉండదు కదా. ‘భారం’ నుంచి వచ్చిందంటే బారువ అయినా కావచ్చు. అమరంలో ‘భారః స్యాద్వింశతిస్తులాః’ అని ఉంది, అక్కడా ఇరవయ్యే.

బండి ర: ఇరవై ఉన్నంత మాత్రాన సరా? అక్కడ తుల అంటే నూరు పలాలు, భారం రెండు వేల పలాలు. అరసున్న గారి లెక్కలో మణుగుకి 320 పలాలు, ఇరవై మణుగులకి 6400. పేరు సంస్కృతం నుంచి వచ్చిందేమో కానీ తూకం రాలేదు.

తలకట్టు: వ, వు తర్వాత తేల్చుకోండి. మణుగుకి 37.3242 కిలోలు, ఆ అంకెతో గుణించేస్తే పని అయిపోతుంది. 1956 చట్టం నాటి లెక్క, నా దగ్గర ఎప్పుడూ రాసి ఉంటుంది.

వలపలగిలక: అంకె సరైనదే తలకట్టూ, మణుగే వేరు. అది నలభై సేర్ల మణుగు. ఈ పట్టికలో వీశెలున్నాయి, అంటే మద్రాసు మణుగు, దాదాపు 11 కిలోలు. మీ అంకె పెడితే ప్రతి వరసా మూడింతలకు పైగా పెరుగుతుంది. ఏ మణుగో మన నోటి లెక్క చెప్పనక్కర్లేదు, పట్టికే చెబుతుంది. అరసున్న గారూ, మొత్తం వేసిన వరస ఒకటి ఉంటే పైవాటితో సహా ఇక్కడ పెట్టండి.

అరసున్న: ఉంది. మూడు వరసలు, కింద మొత్తం. మ., వీ., ప. ఆ క్రమంలోనే:

```
2   5   20
1   9   35
4   3   10
-----------
8   7   25
```

పొల్లు: ప. అంటే పదలమేమో? మా ఇంట్లో పదలం అనే మాట బాగా వినేవాణ్ణి.

వలపలగిలక: పదలం అంటే పది పలాలు, వీశెలో నాలుగో వంతు. ఆ గడిలో పదలాలే ఉంటే 3 దాటకూడదు, ఇక్కడ 35 ఉంది. కాబట్టి పలాలే. ఇప్పుడు కూడండి. 20, 35, 10 కలిపితే 65. కింద 25 రాశాడు, అంటే నలభై తీసేసి వీశెల్లోకి ఒకటి పంపాడు. వీశెలు 5, 9, 3, పైనుంచి వచ్చిన 1 కలిపి 18. ఎనిమిదికొకటి చొప్పున పంపితే 2 మిగలాలి, కానీ కింద 7 ఉంది. అసలు ఎనిమిదికి మణుగు అయ్యేచోట ఆ గడిలో 9 ఎలా ఉంటుంది? అరసున్న గారూ, ఆ తొమ్మిదిని పెద్దది చేసి చూడండి.

అరసున్న: చూశాను. తెలుగు అంకెలు కదా, ౬ ని నేనే ౯ అని చదివాను! సిరా అలికింది. 6 అయితే వీశెలు 15, 7 మిగిలి ఒక మణుగు వెళ్తుంది, మణుగులు 2, 1, 4, 1 కలిపి 8. అచ్చంగా సరిపోయింది.

బండి ర: ఎనిమిది వీశెల మణుగని అలా రుజువైంది, సరే. కిలోలకి ఏ గుణకం వేస్తారు? వీశె అంటే 1.41748 కిలోలు. మణుగు 25 పౌన్లు, దాన్ని ఎనిమిదితో భాగిస్తే మూడు పౌన్ల రెండు ఔన్సులు, అంతే.

వలపలగిలక: అంతే కాదు. పలానికి మూడు తులాలు, వీశెకి 120 తులాలు. తులం 11.6638 గ్రాములు, కాబట్టి వీశె 1.39966 కిలోలు. రెండు లెక్కలకూ వీశెకి 18 గ్రాముల తేడా. పై మొత్తం 71.625 వీశెలు. తులాల లెక్కన 100.25 కిలోలు, పౌన్ల లెక్కన 101.53.

తలకట్టు: కిలో మీద పావుకి అంత గొడవెందుకు, 1.4 వేసేయండి.

అరసున్న: రెండు తూకాలూ ఉన్న వరస ఒకటుంది. ‘3 మ. 6 వీ.’ పక్కనే ‘42 కి.’ అని.

వలపలగిలక: మూడు మణుగుల ఆరు వీశెలంటే 30 వీశెలు. తులాలతో 41.99, పౌన్లతో 42.52. కాబట్టి తులాల వైపే మొగ్గు.

బండి ర: లేదా రాసినాయన తలకట్టు లాగే 1.4 వేసుకుని ఉండవచ్చు. పౌన్ల వీశెనే 1.4 అని తోచినట్టు రాశాడేమో, మీరెలా చెబుతారు?

వలపలగిలక: చెప్పలేను, ఒప్పుకుంటాను. అందుకే గుణకాన్ని ఫార్ములాలో పాతిపెట్టొద్దు. అసలు మూడు గళ్ళనూ ముట్టుకోకుండా పక్కన గుణకానికొక గడి, అది ఎక్కడిదో చెప్పడానికొక గడి (‘120 తులాల వీశె’, ‘మూలంలోనే కిలోలు’ అని), తర్వాత కిలోలు. కిలోల గడిలో ఇలా:

```
=ROUND((B2*8+C2+D2/40)*E2, 2)
```

మొదట్నుంచీ కిలోల్లో ఉన్న వరసలకి ఈ ఫార్ములా వద్దు, ఉన్నది ఉన్నట్టు దించి గుణకం 1 అని రాయండి. రేపు పౌన్ల లెక్కే సరని తేలితే E గడి ఒక్కటే మారుతుంది. రెండు దశాంశాలు చాలు, ఎందుకంటే మూలంలో అతి చిన్నది పలం, అదే 35 గ్రాములు. 30.0927 అని రాస్తే లేని ఖచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది.

పొల్లు: నా దగ్గర కుంచాల పట్టిక ఉంది, దాన్నీ ఇలాగే కిలోలు చేయవచ్చు కదా? నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి.

తలకట్టు: అది కొలత, తూకం కాదు బాబూ. కుంచంలో పోసే వస్తువుని బట్టి బరువు మారిపోతుంది. లీటర్ల దగ్గర ఆగండి, అదైనా మీ కుంచం ఎంతదో తెలిస్తేనే. ఇందాక నేను తప్పాను కానీ ఈ సంగతి మాత్రం నాకు బాగా తెలుసు.

బండి ర: ‘గంగిగోవు పాలు గరిటెడైనను చాలు’. వేమన గరిటెడు, కడివెడు అని ఊరుకున్నాడు, ఏ గడిలోనూ గుణకం రాయలేదు. ఆ ‘ఎడు’ చూడండి, పాత్ర పేరునే కొలత చేసేస్తుంది. పుట్టెడు, కుంచెడు, మూరెడు...

వలపలగిలక: మూరెడు పాత్ర కాదు కదా మహాశయా. బారెడూ కాదు.

పొల్లు: అయితే బారువ కూడా ‘బార’ నుంచే వచ్చిందేమో? చేతులు చాచినంత!

బండి ర: చేతులు చాచితే పొడవు వస్తుంది, బరువు రాదు.

అరసున్న: మీరంతా బారెడు దూరం వెళ్ళిపోయారు. చివర్లో ‘౧ బా.’ అని ఒకే ఒక్క వరస ఉంది. దానికి 160 వీశెలు, 223.95 కిలోలు అని వేసి, పక్కన ‘పౌన్ల లెక్కన 226.80’ అని రాశాను. చిరిగిన మాటని ‘బారు[ ]’ అని ఖాళీగా వదిలాను. స్కాన్‌లో వ ఎడమ అంచు కొద్దిగా కనిపిస్తోంది కానీ కొమ్ము ఉండాల్సిన చోటే కాగితం లేదు.

బండి ర: కొమ్ము ఉండే ఉంటుంది. బారువు.

వలపలగిలక: అంచు ఫోటో పెట్టండి అరసున్న గారూ, బాగా దగ్గర్నుంచి.